పది శాతం ఫ్లాట్ అంటే రూపాయిన్నర వడ్డీ

సంపాదకులకు,

పండుగ సీజన్ వచ్చిందంటే బైక్ షోరూంల ముందు ‘వడ్డీ 10 శాతం మాత్రమే’ అనే బ్యానర్లు వెలుస్తాయి. లోపల ఫైనాన్స్ కౌంటర్‌లో అడిగితే ‘నూటికి నెలకు 83 పైసలు, రూపాయి వడ్డీ కూడా పడదండీ’ అంటారు. ఆ మాట అబద్ధం కాదు. కానీ ఊళ్లో నోటు రాసి తెచ్చుకునే రూపాయి వడ్డీతో దాన్ని పోల్చడమే పొరపాటు. నోటు అప్పులో అసలు మొత్తం చివరిదాకా మన చేతిలోనే ఉంటుంది. వాయిదాల అప్పులో మొదటి నెల నుంచే అసలు వెనక్కి పోతుంటుంది. బ్యానర్‌లోని పది శాతాన్ని మాత్రం మొదట తీసుకున్న మొత్తం మీదే చివరిదాకా లెక్కేస్తారు. ఈ ఫ్లాట్ పద్ధతిలో, తీర్చేసిన అసలుకూ వడ్డీ కడుతూనే ఉంటాం.

లక్ష రూపాయల అప్పు, 36 నెలల గడువు, 10 శాతం ఫ్లాట్ అనుకుందాం. ఏడాదికి 10 వేల చొప్పున మూడేళ్ల వడ్డీ 30 వేలు. మొత్తం 1,30,000ను 36తో భాగిస్తే నెల వాయిదా 3,611 రూపాయలు. ఇందులో వడ్డీ కింద ప్రతి నెలా 833 పడుతుంది. ఆఖరి నెలకు మిగిలిన అసలు 2,778 రూపాయలే, దానికీ అదే 833! మూడేళ్లలో సగటున మన దగ్గర ఉండే అసలు, తీసుకున్నదాంట్లో సగానికి కాస్త ఎక్కువ. అందుకే ఇదే వాయిదాను తగ్గే బాకీ (రెడ్యూసింగ్ బ్యాలెన్స్) మీద లెక్కేస్తే ఏడాదికి 17.92 శాతం తేలుతుంది. ఊరి లెక్కలో నూటికి రూపాయిన్నర అన్నమాట.

ఇప్పుడు పక్కనే ఒక బ్యాంకు 14 శాతం రెడ్యూసింగ్ అంటుంది. పదికీ పద్నాలుగుకీ తేడా చూసి చాలామంది షోరూం అప్పుకే సంతకం పెడతారు. బ్యాంకు వాయిదా 3,418 రూపాయలు, మూడేళ్ల వడ్డీ సుమారు 23 వేలు. అంటే ‘పద్నాలుగు’ కంటే ‘పది’ దాదాపు 7 వేలు ఎక్కువ ఖరీదు.

ఎక్సెల్‌లోనో గూగుల్ షీట్స్‌లోనో ఎవరైనా ఇలా సరిచూసుకోవచ్చు:

```
=RATE(36,-3611,100000)*12
```

నెలలు, వాయిదా, చేతికొచ్చిన సొమ్ము, అంతే. వాయిదా ముందు మైనస్ గుర్తు మరిచిపోతే జవాబు రాదు, ఎర్రర్ చూపిస్తుంది. కంప్యూటర్ లేకపోతే రెండు నుంచి నాలుగేళ్ల గడువుకు ఫ్లాట్ రేటును 1.8తో గుణిస్తే అసలు సంగతికి దగ్గరగానే వస్తుంది.

‘చేతికొచ్చిన సొమ్ము’ దగ్గరే రెండో మెలిక. ప్రాసెసింగ్ ఫీజు, డాక్యుమెంట్ ఛార్జీల పేరుతో 2,500 పట్టుకుంటే మనకు అందింది 97,500. ఆ సంఖ్య వేసి చూడండి, రేటు 19.7 శాతం దాటుతుంది. ఫీజు లేకుండా మొదటి వాయిదా ముందే కట్టించుకున్నా 19 శాతం అవుతుంది. రెండూ కలిస్తే ఇంకా పైకే.

మధ్యలో అప్పు తీర్చేద్దామనుకున్నప్పుడు మరో దెబ్బ. ఏడాది కట్టాం కాబట్టి మూడో వంతు అసలు పోయి 66,667 మిగిలి ఉంటుందని అనుకుంటాం. కంపెనీ పుస్తకాల్లో మాత్రం వాయిదా 17.92 శాతం లెక్కనే వడ్డీగా, అసలుగా విడిపోతుంది. మొదటి నెల వడ్డీయే దాదాపు 1,493. పన్నెండు వాయిదాల తర్వాత బాకీ 72,400 దాకా చూపిస్తారు, దానిమీద ముందస్తు మూసివేత ఛార్జీ వేరు. ఇది మోసం కాదు, రెడ్యూసింగ్ లెక్కే. అమ్మేటప్పుడు ఫ్లాట్ చెప్పి, మూసేటప్పుడు రెడ్యూసింగ్ చూపడమే అభ్యంతరకరం.

రిజర్వ్ బ్యాంకు దీనికి మందు రాసే ఉంచింది. 2024 అక్టోబర్ 1 నుంచి ఇచ్చే కొత్త రిటైల్ రుణాలన్నిటికీ బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ ఇవ్వాలి. అందులో ఫీజులు, అప్పిచ్చేవారు ఇతరుల తరఫున వసూలు చేసే బీమా వంటి ఖర్చులు అన్నీ కలిపిన వార్షిక రేటు (ఏపీఆర్) ఉండాలి. వాయిదాల పట్టిక జతచేయాలి. రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఉండాలి. ఇలాంటి రుణాలకు ఆ షరతులు కనీసం మూడు పనిదినాలు చెల్లాలి, అంటే ఇంటికి తీసుకెళ్లి తీరిగ్గా చూసుకునే వ్యవధి అది. షోరూంలో జరిగే తంతు చాలాసార్లు ఇందుకు తలకిందులు. ముందు బుకింగ్ రసీదు, తర్వాత ఫోన్‌కు ఓటీపీ, ఆ కాగితం ఇంగ్లిష్‌లో వాట్సాప్‌కు వచ్చేసరికి బండికి పూలదండ కూడా పడిపోతుంది.

కాబట్టి డౌన్ పేమెంట్ కట్టకముందే తెలుగులో ఆ కాగితం అడగండి. రెండు చోట్ల ఏపీఆర్ పక్కపక్కన పెట్టి, గడువు ఒకటేనో కాదో చూసుకోండి. నెల వాయిదా ఒక్కటే చూస్తే గడువు పెంచి దాన్ని ఎంతైనా తగ్గించి చూపగలరు.

షోరూం కొటేషన్ కాగితం మీద ఫ్లాట్ రేటు రాస్తే, దాని పక్కనే అంతే సైజు అక్షరాల్లో ఏపీఆర్ ఉండాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించాలి. ఆ ఆదేశం వచ్చేలోగా, మీ పత్రికలో అచ్చయ్యే వాహన రుణ ప్రకటనలకైనా మీ ప్రకటనల విభాగం ఈ షరతు పెట్టగలదేమో ఆలోచించండి.

– ఒక పాఠకుడు, ఖమ్మం