మా చిన్నోడి కోసం ఆ రాత్రి మాతో వచ్చిన ఆవిడకు, తోడు నిలిచిన అందరికీ

నిద్ర లేక కళ్ళు మండుతున్నాయి. అయినా ఇది ఈరోజే రాయాలి. మా చిన్నోడు ఈ పొద్దున తనంతట తనే గిన్నె దగ్గరికి వెళ్ళి రెండు చెంచాల మెత్తటి చికెన్ తిన్నాడు. వాంతి చేసుకోలేదు. డాక్టరుగారు ఇంటికి తీసుకెళ్ళొచ్చు అన్నారు. చిన్నోడంటే మా పెద్ద పిల్లి గౌరికి పుట్టిన మూడు నెలల పిల్ల. ఎంతోమంది మెసేజ్‌లు పెట్టారు, ఎవరికీ జవాబు ఇవ్వలేకపోయాను, అందుకే అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మావారు, అమ్మ, అత్తయ్య ఎలాగూ ఉన్నారు, వాళ్ళ సంగతి వేరే చెప్పక్కర్లేదు. నేను చెప్పాల్సింది ఒకావిడ గురించి. ఆవిడ పేరు రాయొద్దన్నారు, కాబట్టి రాయను.

ఆ రాత్రి చిన్నోడికి వాంతులు ఆగడం లేదు. కడుపులో ఏమీ లేక పసుపు నురగ వస్తోంది. దానికి తోడు నీళ్ళలాంటి విరేచనాలు, భరించలేని వాసన. మా ఊరి పశువుల ఆసుపత్రి ఆ వేళకి ఉండదు. మెడికల్ షాపుకి పరిగెత్తి, పిల్లికి ఏమైనా ఉందా అని అడిగాను. షాపు అబ్బాయి మనుషులకి ఇచ్చే మోషన్ల మాత్ర ఒకటి, ఒళ్ళు కాలుతోందంటే పారాసిటమాల్ చుక్కలు ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. చిన్న ప్రాణం కదా, పావు ముక్క చాలన్నాడు. నా వెనక బీపీ మాత్రల కోసం నిలబడిన పెద్దావిడ చెయ్యి చాచి ఆ చుక్కల సీసాని పక్కకి జరిపేశారు. "అమ్మాయ్, ఇది పిల్లికి విషం. కుక్కకి వేరు, పిల్లికి వేరు" అన్నారు. పశువుల ఆసుపత్రిలో అటెండరుగా చేసి రిటైరయ్యారట. పిల్లి ఒంట్లో పారాసిటమాల్ విరగదట, రక్తంలోని ఎర్ర కణాలు పాడైపోయి ఊపిరి అందక పోతుందట. మోషన్లు ఆపే మాత్ర కూడా వద్దన్నారు. పేగుల్లో జబ్బు ఉన్నప్పుడు బయటికి పోవాల్సింది లోపల నిలిచిపోతుంది, పైగా కొన్ని పిల్లులు ఆ మందుకి పిచ్చిగా తిరుగుతాయట.

అంతటితో తన దారిన తాను వెళ్ళిపోవచ్చు. ఆవిడ తన మాత్రలు కూడా కొనుక్కోకుండా, "ఇల్లెక్కడ? పద, చూద్దాం" అని నాతో వచ్చేశారు.

మా ఇంట్లో ఆవిడ చేసింది నేను కళ్ళారా చూశాను కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను, పిల్లులున్న వాళ్ళకి పనికొస్తుంది. ముందు చిన్నోడి పెదవి ఎత్తి చిగురు మీద వేలు పెట్టారు. మంచిగా ఉన్న పిల్లి చిగుళ్ళు గులాబీ రంగులో, తడిగా జారుతున్నట్టు ఉంటాయి. వీడివి పాలిపోయి, వేలికి బంకలా అంటుకుంటున్నాయి. తర్వాత భుజాల దగ్గర చర్మం పైకి లాగి వదిలారు. వెంటనే సర్దుకోవాల్సింది మెల్లిగా దిగింది. అయితే చర్మం ఒక్కదాన్నే నమ్మకూడదట, మరీ చిన్నపిల్లల్లో, ముసలివాటిలో అది మోసం చేస్తుందట. చిగుళ్ళ మీదే ఎక్కువ నమ్మకం పెట్టమన్నారు. మూడోది, "కూరలు తూచే కాటా ఉందా?" అని అడిగారు. నట్టల మందు వేయించినప్పుడు వీడి బరువు 1100 గ్రాములు. ఆ రాత్రి 980 ఉంది. ఒకటి రెండు రోజుల్లో తగ్గేది కండ కాదు, నీరు. అంటే 120 గ్రాములు, ఒంటి బరువులో పదో వంతు పైనే కారిపోయింది. పెద్దవాళ్ళ లెక్కలో 60 కిలోల మనిషి ఆరు లీటర్ల నీళ్ళు పోగొట్టుకున్నట్టు. నాకు కాళ్ళు వణికాయి.

ఆవిడ ఇంకొకటి గమనించారు. చిన్నోడు నీళ్ళ గిన్నె ముందు తల వేలాడేసి కూర్చుంటున్నాడు, మూతి నీటి దాకా తెస్తున్నాడు, తాగడం లేదు. "దాహం ఉంది, కానీ వికారానికి తాగలేకపోతోంది. ఇలా కూర్చుంటే ఇంట్లో ఉంచే కేసు కాదు" అన్నారు. సిరంజితో నీళ్ళు పడదామా అని మా అమ్మ అడిగితే, వాంతి అవుతున్న పిల్లికి బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందని ఆపేశారు. వేడినీళ్ళ సీసాకి పాత తువాలు చుట్టి పక్కన పెట్టించారు. పొట్టలో ఏమీ లేని పిల్ల చల్లబడిపోతుందట.

గౌరి సంగతి కూడా చూశారు. దానికీ ముందు రోజు నుంచి మోషన్లు మెత్తగా అవుతున్నాయి. పెరట్లో రొయ్యల తలకాయలు తినేసింది. కానీ గౌరి నాలుగేళ్ళది, టీకాలన్నీ పడ్డాయి, ఆకలిగా తింటోంది, నీళ్ళు తాగుతోంది, వాంతి లేదు, రక్తం లేదు, పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు తడిగా ఉన్నాయి. "ఇది ఇంట్లో చూసుకునే పిల్లి" అన్నారు. ఉప్పు, పసుపు, ఉల్లి, వెల్లుల్లి ఏమీ లేకుండా ఎముక తీసిన చికెన్ ఉడకబెట్టి, ఒక్కసారే కాకుండా నాలుగైదుసార్లు కొంచెం కొంచెంగా పెట్టమన్నారు. మనం అలవాటుగా పెట్టే పాలు, పెరుగన్నం ఆపమన్నారు, ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, మోషన్లు పెరుగుతాయి. ఒక రోజులో తేడా కనపడకపోతే, లేదా తిండి మానేస్తే డాక్టరుకి చూపించమన్నారు. కుక్కల్లా పిల్లిని పస్తు పెట్టి పొట్టకి విశ్రాంతి ఇద్దామనుకోకూడదట. రెండు మూడు రోజులు తినకపోతే, మరీ బొద్దుగా ఉన్న పిల్లి అయితే, కాలేయంలో కొవ్వు పేరుకుని అదో పెద్ద జబ్బవుతుంది. గౌరి మర్నాటికే గట్టిపడింది. డాక్టరుగారికి కూడా ఫొటోలు పంపాం, ఆయనా అదే చెప్పారు.

ఒకే ఇంట్లో రెండు పిల్లులకి మోషన్లు. ఒకటి ఇంట్లో ఉండొచ్చు, ఇంకొకటి ఆ రాత్రే వెళ్ళాలి. ఈ తేడా ఆవిడ చెప్పకపోతే చిన్నోడికి కూడా తెల్లారేదాకా ఆగుదామనే మాట ఇంట్లో అనుకుంటున్నాం.

రాజమండ్రిలో రాత్రి తెరిచి ఉండే క్లినిక్ వెతికింది కూడా ఆవిడే, తన పాత పరిచయాలకి ఫోన్లు చేసి. ఆటోలో నా పక్కనే కూర్చున్నారు. దారంతా చిన్నోడిని నా ఒళ్ళో నుంచి తీసుకుని, పైట చెంగులో పెట్టుకున్నారు. వాడు ఆ చీర మీదే విరేచనం చేశాడు. నేను కంగారుపడితే, "ముప్పై ఏళ్ళు గేదెల దగ్గర పనిచేశాను తల్లీ, చీర ఉతుక్కుంటే పోతుంది" అన్నారు. ఇది రాస్తూ మళ్ళీ ఏడుస్తున్నాను.

డాక్టరుగారు మలం పరీక్ష చేశారు. కుక్కలకి వచ్చే పార్వో వైరస్‌ని పట్టే కిట్‌తోనే చేస్తారట, పిల్లుల వైరస్ దానికి దగ్గర చుట్టమే. రెండో గీత వచ్చింది, అంటే వైరస్ ఉన్నట్టే. జబ్బు పేరు పాన్‌ల్యూకోపీనియా. రక్తంలో తెల్ల కణాలు బాగా పడిపోయాయి. పేగు లోపలి పొర దెబ్బతిని, ఎముక మజ్జ కూడా దెబ్బతింటుంది కాబట్టి పేగులోని క్రిములు రక్తంలోకి వచ్చినా ఎదిరించే సైన్యం ఉండదు. వైరస్‌ని చంపే మందు లేదు. పోయిన నీరు సెలైన్‌గా నరం ద్వారా ఎక్కించడం, పొటాషియం, గ్లూకోజ్ సరిచూడటం, వాంతులు ఆగే ఇంజెక్షన్, యాంటీబయోటిక్, వెచ్చదనం. పిల్ల సొంతంగా కోలుకునేదాకా బతికించి ఉంచడమే చికిత్స. మొదటి ఐదు రోజులు దాటితే సాధారణంగా గట్టెక్కుతాయని చెప్పారు. దాటాడు.

టీకా వేయించలేదా అని చాలామంది అడిగారు. మొదటి డోసు పడింది, రెండోది పడాల్సి ఉంది. తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ ఉన్నంతకాలం అదే టీకాని పనిచేయనివ్వదు, అది ఏ వారంలో తగ్గుతుందో ఒక్కో పిల్లకి ఒక్కోలా ఉంటుంది. అందుకే 16 వారాల వయసు దాకా మూడు నాలుగు వారాలకోసారి వేస్తారు. ఆ మధ్యలో ఖాళీ ఉండిపోతుంది. ఇంట్లోంచి బయటికి పోని పిల్లకి మన చెప్పుల మీద కూడా ఈ వైరస్ వస్తుందట.

ఇక్కడ నా బాధ ఒకటి చెప్పకుండా ఉండలేను. ఆ రెండో డోసు కోసం మా ఊళ్ళో అడిగితే పిల్లుల టీకా రాదన్నారు. రేబిస్ ఒక్కటే ఉంటుంది. అక్కడున్న ఒక్క డాక్టరుగారే చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తిరగాలి, గేదెలకే ఆయన చాలరు, ఆయన్ని అనడం లేదు. కానీ సాయంత్రమైతే తాళం, ఆదివారం తాళం, బోర్డు మీద నంబరుకి చేస్తే ఎవరూ ఎత్తరు. ఇంకో ఊరి క్లినిక్ అయితే ముందు డబ్బు పంపితేనే తలుపు తీస్తామన్నారు, పిల్లిని చూడనైనా చూడకుండా. ఇంట్లో పెంచే ప్రాణికి రాత్రిపూట జబ్బు చేయకూడదా? జిల్లాకి ఒక్క చోటైనా రాత్రి డ్యూటీ, చలి పెట్టెలో నాలుగు టీకా సీసాలు ఉంచితే ఎన్ని పిల్లలు బతుకుతాయో.

పెద్దావిడకి డబ్బులివ్వబోతే తీసుకోలేదు. చీర కొని తీసుకెళ్తే, చీర కాదు, ఇల్లు కడుగు అన్నారు. ఈ వైరస్ ఇంట్లో నెలల తరబడి, ఏడాది దాకా కూడా బతుకుతుంది. ఫినాయిల్‌కి చావదు, పైగా ఫినాయిల్ పిల్లులకే విషం, కాళ్ళు నాక్కుంటాయి కదా. ముందు సబ్బుతో మురికి పోయేలా కడిగి, తర్వాత ఒక వంతు లిక్విడ్ బ్లీచ్‌కి 32 వంతుల నీళ్ళు కలిపి తుడిచి, పది నిమిషాలు తడి ఆరకుండా ఉంచి మళ్ళీ మంచినీళ్ళతో కడగాలి. కడగలేని గోనెసంచులు, అట్టపెట్టెలు పారేశాం. టీకాలు పూర్తిగా పడని కొత్త పిల్లిపిల్లని కొన్నాళ్ళు ఇంటికి తేము. మా పిల్లులని చూడటానికి వస్తామంటున్న వాళ్ళు, మీ ఇంట్లో చిన్న పిల్లులుంటే దయచేసి ఇప్పుడే రావద్దు.

అమ్మా, మీరు ఫోన్‌లో ఇలాంటివి చదవరు, మీ మనవరాలు చదివి వినిపిస్తానంది. మీ చేతుల్లోనే వాడు బతికాడు. ఇంతకంటే నాకు రాయడం చేతకావడం లేదు.

రాత్రంతా క్లినిక్ బయట ఆగి వెయిటింగ్ డబ్బులు అడగని ఆటో అన్నకి చాలా చాలా థాంక్స్. మెడికల్ షాపు తమ్ముడికి కూడా, తెలియక ఇచ్చాడు, తర్వాత సిరంజీలు ఊరికే ఇచ్చి పంపాడు, ఇక పిల్లికి ఎవరొచ్చినా పారాసిటమాల్ ఇవ్వనన్నాడు. క్లినిక్‌లో రాత్రి డ్యూటీ చేసిన అమ్మాయికి, గంటగంటకీ సెలైన్ చుక్కలు లెక్కపెట్టింది. ఎదురింటి వదిన గౌరికి చికెన్ ఉడికించి పెట్టారు, మర్చిపోయేదాన్ని. అయ్యో, నా బదులు రెండు రోజులు ఆఫీసు పని చూసిన మా సీనియర్ మేడమ్ కూడా ఉన్నారు, మేడమ్, సోమవారం వస్తాను.