గుర్తు కాస్త ఆగాలి, ముందు ప్లేట్లు రావాలి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారములతో,

మూడో తరగతిలో భాగహారం ఎలా మొదలుపెట్టాలన్న విషయమై మండల స్థాయిలోనూ, జిల్లా స్థాయిలోనూ మేము సమర్పించిన వినతిపత్రాలన్నీ బుట్టదాఖలయ్యాయని రూఢి చేసుకున్న తరువాతనే మీకు నేరుగా ఈ లేఖ రాస్తున్నాను. కాంప్లెక్స్ సమావేశాల్లో ఈ మాట ఎత్తిన ప్రతిసారీ "పైకి పంపుతాం" అన్నారు. పైన ఉన్నది మీరే కనుక, అది మీదాకా వచ్చిందో లేదో మీరే చెప్పగలరు.

మాకు అందిన వారపు ప్రణాళిక ప్రకారం మొదటి పీరియడ్‌లో వస్తువులను సమానంగా పంచడం చూపించాలి, రెండో పీరియడ్‌లో ÷ గుర్తును పరిచయం చేయాలి, మూడో పీరియడ్‌లో వర్క్‌బుక్ లెక్కలు పూర్తిచేయించి ఆ పేజీల ఫొటోలు అప్‌లోడ్ చేయాలి. రెండు తరగతులు ఒకే గదిలో కూర్చునే మా వంటి బడుల్లో పిల్లలను నేలమీద జట్లుగా కూర్చోబెట్టి, ప్లేట్లు పరిచి, చింతపిక్కలు లెక్కపెట్టి ఇచ్చి, తిరిగి ఏరి డబ్బాలో వేసేసరికే పీరియడ్‌లో చాలా భాగం అయిపోతుంది. మిగిలిన కాసేపట్లో పిల్లలు పంచడం నేర్చుకోవాలట, మర్నాడు గుర్తు రాయాలట. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది వ్యవహారం.

ఈ తొందర మీ శాఖ శిక్షణలో చూపించే జాతీయ పత్రాల్లో లేకపోవడమే వింత. పునాది దశకు 2022లో వెలువడిన జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం గణితాన్ని ముందు అనుభవంగా, ఆ తరువాత మాటగా, ఆ తరువాత బొమ్మగా, అన్నిటికన్నా చివర గుర్తుగా నేర్పమంటుంది. ఎన్‌సీఈఆర్‌టీ 2017లో ప్రకటించిన అభ్యసన ఫలితాల్లో మూడో తరగతి విద్యార్థి భాగహారం అర్థాన్ని సమానంగా పంచడం ద్వారా, సమాన గుంపులు చేయడం ద్వారా వివరించగలగాలని రాసి ఉంది. 'వివరించగలగాలి' అన్నారే గాని రెండో రోజుకు గుర్తు రాయాలని ఎక్కడా అనలేదు. శిక్షణ తరగతుల్లో ఈ మాటలు తెరమీద వేసి చూపించిన శాఖే, తనిఖీకి వచ్చినప్పుడు మాత్రం వర్క్‌బుక్‌లో గుర్తు ఎన్ని పేజీల్లో పడిందో లెక్కపెడుతోంది.

కాగితపు ప్లేట్లతో జరిగే పనిని ఫొటోలో కాక దగ్గరనుంచి ఎవరైనా చూశారో లేదోనన్న అనుమానంతో దానిని కొంచెం వివరంగా రాస్తున్నాను. ఇద్దరు పిల్లలకు పన్నెండు చింతపిక్కలు, మూడు కాగితపు ప్లేట్లు ఇస్తాము. పిక్కలన్నీ ఒకే రకంగా ఉండాలి. రంగురంగుల పూసలు ఇస్తే పిల్లలు ఎర్రవన్నీ ఒక ప్లేటులో, పచ్చవన్నీ మరో ప్లేటులో వేరుచేస్తూ కూర్చుంటారు, పంచడం మరిచిపోతారు. పైగా పూసలు దొర్లిపోతాయి. గిన్నెలు కాక ప్లేట్లే ఎందుకంటే, పళ్లెంలా పరుచుకొని ఉంటే అందులో ఎన్ని ఉన్నాయో వంగకుండానే నాకు కనబడుతుంది, పక్క జట్టుకూ కనబడుతుంది. అంతకన్నా ముఖ్యమైన కారణం ఒకటుంది. పిక్క ఒక్కటి కూడా పెట్టకముందే ఖాళీ ప్లేట్లు మూడూ ఎదురుగా ఉంటాయి కనుక, ఎందరికి పంచాలో ముందే తేలిపోతుంది.

పని మొదలవగానే చాలామంది పిల్లలు చేసేదొకటే. మొదటి ప్లేటులో గుప్పెడు పోస్తారు, రెండో దాంట్లో ఇంకో గుప్పెడు, మిగిలినవి మూడో దాంట్లో. 'సమానంగా ఉన్నాయా?' అని అడిగితే చూసి ఉన్నాయంటారు. పిక్కలు దూరదూరంగా పడిన ప్లేటులో ఎక్కువున్నాయని కూడా వాదిస్తారు. అప్పుడు లెక్కపెట్టమంటే అయిదు, నాలుగు, మూడు అని తేలుతుంది. ఆ గొడవలోంచే ఒకరు 'ఒక్కొక్కటి వేద్దాం టీచర్' అంటారు. ఆ మాట నేను ముందే చెప్పేయవచ్చు, ప్రణాళిక అడిగేదీ అదే. కాని నేను చెబితే విన్న పిల్లలు మర్నాటికి మరిచిపోతారు, తామే కనుక్కున్నవారు మరిచిపోరు. ఆ తరువాత ప్లేటుకొకటి చొప్పున ఒక చుట్టు, ఇంకో చుట్టు, అలా నాలుగు చుట్లు తిరిగేసరికి చేతులు ఖాళీ అవుతాయి. మధ్యలో కబుర్లలో పడి ఒక ప్లేటు దాటేసినవారికి నాలుగు చుట్లయ్యాక చేతిలో ఒక పిక్క మిగిలిపోతుంది, ఎక్కడ తప్పిపోయారో వాళ్లే వెతుక్కుంటారు.

ఇక్కడే అసలు చిక్కు వస్తుంది. 'జవాబెంత?' అని అడిగితే ప్లేట్లన్నిటిలో ఉన్నవి కలిపి లెక్కపెట్టి పన్నెండు అనేవారు కొందరు, ప్లేట్లు లెక్కపెట్టి మూడు అనేవారు మరికొందరు. అందుకని 'ఒక్కో ప్లేటులో ఎన్ని?' అని అడగాలి, 'పన్నెండు పిక్కలను మూడు ప్లేట్లకు సమానంగా పంచితే ఒక్కో ప్లేటుకు నాలుగు వచ్చాయి' అని పూర్తి వాక్యంగా చెప్పించాలి. కూడికలో అన్ని సంఖ్యలూ పిక్కలే. అయిదు పిక్కలు, మూడు పిక్కలు, కలిపి ఎనిమిది పిక్కలు. పంచడంలో అలా కాదు. పన్నెండు అనేది మొత్తం పిక్కలు, మూడు అనేది ప్లేట్లు, నాలుగు అనేది ఒక్క ప్లేటులోని పిక్కలు. ఒకే వాక్యంలో మూడు సంఖ్యలు మూడు వేర్వేరు పనులు చేస్తున్నాయని ఏడెనిమిదేళ్ల బిడ్డకు బోధపడటానికి రోజులు పడుతుంది మంత్రి గారూ, పీరియడ్ చాలదు.

రెండో రోజే ÷ గుర్తు వస్తే ఈ తేడా అంతా ఆ చిన్న గీత కింద, చుక్కల కింద కప్పబడిపోతుంది. 12 ÷ 3 అని రాసిస్తే 15 అనో, 9 అనో, 36 అనో రాసే పిల్లల నోటుపుస్తకాలు ఏ బడిలోనైనా దొరుకుతాయి. వాళ్లకు లెక్కలు రాక కాదు. రెండు అంకెల మధ్య కొత్త గీత కనబడింది, పాత గీతల్లో తమకు తెలిసిన పని చేసేశారు. గ్రామీణ పిల్లలపై 2024 అసర్ నివేదికలో అయిదో తరగతిలో భాగహారం చేయగలిగినవారు దేశవ్యాప్తంగా 30.7 శాతమేనని వచ్చింది. అందుకు కారణాలు అనేకం ఉండవచ్చు. ఆ కారణాల్లో మన వారపు ప్రణాళికకు చోటు లేదని ఎవరైనా హామీ ఇస్తే నేను ఈ లేఖను వెనక్కి తీసుకుంటాను.

మిగులు సంగతి మరీ ముఖ్యం, దానికి ప్రణాళికలో అసలు చోటే లేదు. పద్నాలుగు పిక్కలు, నాలుగు ప్లేట్లు ఇస్తే మూడు చుట్ల తరువాత రెండు పిక్కలు చేతిలో మిగులుతాయి. కొందరు వాటిని మొదటి రెండు ప్లేట్లలో వేసేస్తారు, కొందరు గుట్టుగా జేబులో వేసుకుంటారు, ఎందుకంటే మిగిలితే తప్పు చేసినట్టేనని వాళ్ల భయం. ప్లేట్ల బయట నేలమీద సుద్దముక్కతో ఒక గడి గీసి, పంచడానికి చాలనివన్నీ అందులో పెట్టమంటాను. ఇక చూడండి. రెండు చుట్లకే ఆపేసి ఆరు పిక్కలు గడిలో పెట్టిన జట్టును పక్క జట్టువారే నిలదీస్తారు: 'ఇంకో చుట్టు వస్తాయి కదా, ఎందుకు ఆపారు?' శేషం ఎప్పుడూ విభాజకం కన్నా తక్కువే ఉండాలన్న నియమాన్ని పై తరగతుల్లో పిల్లలు బట్టీపట్టి కూడా తప్పు చేస్తారు. ఇక్కడ ఆ నియమం పేరు లేకుండానే నేలమీద కనబడుతోంది. దీనికి ఫొటో అడిగే గడి మీ యాప్‌లో లేదు.

ప్లేట్లతోనే అంతా అయిపోతుందని నేను అనడం లేదు. ముప్పై పిక్కలు దాటితే పిల్లలు లెక్క తప్పుతారు, అక్కడినుంచి పదుల కట్టలు కావాలి. పన్నెండు పిక్కలను మూడేసి చొప్పున పెడితే ఎన్ని ప్లేట్లు కావాలన్నది వేరే ప్రశ్న. దానికీ జవాబు నాలుగే వస్తుంది గనుక రెండిటినీ ఒకే వారంలో కలిపితే పిల్లలు తికమకపడతారు, దానిని తరువాతి వారానికి ఉంచాలి. గుర్తు ఎప్పుడు చెప్పాలో కూడా పిల్లలే తెలియజేస్తారు. పన్నెండు పిక్కలకు ఇంకో ప్లేటు చేర్చబోతుంటే, పంచకముందే 'ఒక్కోదానికి తగ్గిపోతాయి టీచర్' అని అంటే ఒక మెట్టు ఎక్కినట్టు. పిక్కలు లేకుండా పలకమీద మూడు సున్నాలు చుట్టి వాటిలో ఒక్కొక్క చుక్క పెట్టుకుంటూ పోతే ఇంకో మెట్టు. అప్పుడు, ఇన్నాళ్లూ నోటితో చెప్పిన వాక్యాన్నే పొట్టిగా రాసే పద్ధతి ఇది అని గుర్తు చూపిస్తే పది నిమిషాలు చాలు. అలా చూపించిన తరగతిలో 36 అని రాసేవారు అరుదు.

ప్లేట్ల ఖర్చు గురించి కూడా ఒక మాట చెప్పక తప్పదు. కిరాణా కొట్లో కట్టగా దొరికే వస్తువు కనుక గణిత కిట్ కోసం ఎదురుచూడకుండా మేమే కొన్నాము. బడి గ్రాంటు లెక్కల్లో ఆ బిల్లు పెడితే, కాగితపు ప్లేట్లు ఫలహారాల ఖర్చు కిందకు వస్తాయని, విద్యా సామగ్రి కాదని తిప్పిపంపారు. చింతపిక్కలకు బిల్లు లేదు కనుక వాటిపై అభ్యంతరం రాలేదు, అందుకు కృతజ్ఞులం. ప్లేట్ల డబ్బు మా జేబులోంచే పోయింది, పోనివ్వండి. గుర్తు రాయించడం ఆలస్యమైందని ఇచ్చిన సంజాయిషీ నోటీసు మాత్రం పోవడం లేదు. పిల్లలు ఇంకా పంచుతున్నారని జవాబు రాస్తే, 'సిలబస్ వెనకబడింది' అని ఎర్ర సిరాతో రాసి పంపారు.

కాబట్టి మా మనవి ఇదే. మూడో తరగతి భాగహారంలో గుర్తును రెండు వారాలు వెనక్కి జరపండి. ఆ రెండు వారాలు వర్క్‌బుక్ పేజీల ఫొటోలు అడగకుండా ఉండేలా ఉత్తర్వు ఇవ్వండి. తనిఖీకి వచ్చేవారు పేజీలు కాక పిల్లవాడి ముందు పద్నాలుగు పిక్కలు, నాలుగు ప్లేట్లు పెట్టి అడగాలని రాతపూర్వకంగా చెప్పండి. ఇవన్నీ కుదరవనుకుంటే, కనీసం గుర్తును రెండు వారాలు వెనక్కి జరపండి. శిక్షణ తరగతుల్లో మీ శాఖే చూపించిన వరుసను మా గదుల్లో అమలు చేయనివ్వమని తప్ప మేము కొత్తగా కోరుతున్నది ఏమీ లేదు. వచ్చే విద్యా సంవత్సరపు ప్రణాళిక అచ్చుకు వెళ్లేలోపు ఈ సవరణ జరగాలి, ఆ తరువాత జరిగినా మాకు మరో ఏడాది దాకా చేరదు.

ఇట్లు,
మూడో తరగతి బోధిస్తున్న ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు