సీసం 9 అంటే భయం లేదా?

సంపాదకులకు,

నల్లగొండలో మా కాలనీ ఖాళీ జాగాలో కూరగాయలు పెంచుదామనుకుని మట్టి పరీక్ష చేయించాం. అందులో ఒక మూలన ఒకప్పుడు పాత బ్యాటరీలు విప్పే షెడ్డు ఉండేది. రిపోర్టులో సీసం 9 పీపీఎం, అంటే కిలో మట్టికి 9 మిల్లీగ్రాములు అని వచ్చింది. అమెరికా పర్యావరణ సంస్థ ఇళ్ల జాగాలకు పెట్టిన హద్దు 200 కదా, ఇంకేం భయమని పాలకూర గింజలు తెచ్చారు కూడా.

తిరకాసు రిపోర్టు కింద చిన్న అక్షరాల్లో ఉంది: డీటీపీఏ పద్ధతి. మొక్కకు అందే జింకు, ఇనుము ఎంతో చూడటానికి రైతుల మట్టికి చేసే పరీక్ష అది. మట్టిలోంచి తేలిగ్గా ఊడివచ్చే భాగాన్నే కొలుస్తుంది. 200 అనే హద్దు మాత్రం మట్టిని ఆమ్లంలో ఉడికించి తీసే మొత్తం సీసానికి. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టకూడదు. పైగా మేం జాగా అంతటి మట్టినీ ఒకే సంచిలో కలిపి పంపాం.

ఈసారి షెడ్డు మూల మట్టి వేరుగా, నడుమ మట్టి వేరుగా పంపి మొత్తం సీసం కొలిపించాం. మూలన 340, నడుమ 70. హద్దు దాటితే విషమని కాదు, అక్కడ ఇంకా లోతుగా చూడాలని. అదే కాలిఫోర్నియా హద్దు 80. దానితో చూస్తే మా నడుమ జాగా కూడా అంచు మీదే ఉంది. సీసం టమాటా, వంకాయల్లోకి పెద్దగా ఎక్కదు. అసలు ముప్పు ఆకుకూరలకు, ముల్లంగికి అంటుకున్న మట్టితోనూ, అందులో ఆడుకుని పిల్లలు చేతులు నోట్లో పెట్టుకోవడంతోనూ.

అందుకే మూలన ఏమీ వేయకుండా కంకర పరిచి, నడుమ ఎత్తు మడులు కట్టాం. పది అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు. చుట్టూ బండలు నిలబెట్టి, అడుగున నీరు దిగే గుడ్డ పరిచాం. ప్లాస్టిక్ పట్టా వేస్తే నీరు నిలిచి వేర్లు కుళ్లుతాయి. ఒక్కో మడికి అరవై ఘనపుటడుగుల మట్టి పడుతుంది. ఖర్చంతా అక్కడే. చవకని చెరువు మట్టి తోలించేవారు అది ఏ చెరువుదో అడగాలి, మూసీ నీళ్లు చేరే చెరువైతే ముందు పరీక్ష చేయించాలి. చెత్త నుంచి తీసిన కంపోస్టు విషయమూ అంతే. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం అందులో సీసం కిలోకు 100 మిల్లీగ్రాములు దాటకూడదు. మడి కట్టి లోపల అదే సీసం నింపుకుంటే ఏం లాభం?

మట్టి పరీక్ష చేసే ల్యాబులు కొలిచింది మొత్తం సీసమా, మొక్కకు అందేదా అన్నది అంకె పక్కనే తెలుగులో రాయాలి. పట్టణాల్లో పెరటి తోటలకు ప్రోత్సాహమిచ్చే అధికారులు పాత వర్క్‌షాపులున్న జాగాలకైనా మొత్తం సీసం పరీక్ష ఉచితంగా చేయించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, నల్లగొండ