తాళం పగలగొట్టే హక్కు ఎవరిది?

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ విద్యార్థుల పేజీలో రాజ్యం గురించి పాఠం వేశారు. బలప్రయోగం మీద గుత్తాధిపత్యం ఉన్నదే రాజ్యమని ఒక్క ముక్కలో తేల్చి, పక్కన లాఠీ పట్టుకున్న పోలీసు బొమ్మ పెట్టారు. అదే రోజు జిల్లా పేజీలో షాపు గొడవ వార్త. ఏళ్లుగా తెగని అద్దె తగాదాను పెద్దమనుషులు ఒక్క రాత్రిలో సెటిల్ చేశారట, తెల్లారేసరికి అద్దెదారు సామాను రోడ్డు మీద ఉందట. అబ్బో, ఏం సామర్థ్యం! పాఠం రాసినవారు ఆ వార్త చదివారో లేదో గానీ, చదివిన పిల్లలకి మాత్రం తికమకే మిగిలి ఉంటుంది.

ఈ నిర్వచనం ఇచ్చిన జర్మన్ సామాజికవేత్త మాక్స్ వెబర్ 1919లో మ్యూనిక్‌లో విద్యార్థుల ముందు చెప్పింది మీరు వేసినదానికంటే కొంచెం ఎక్కువే. ఒక భూభాగంలో న్యాయసమ్మతంగా బలం వాడే హక్కు తనదేనని చాటుకుని, ఆ మాట చెల్లించుకోగలిగినదే రాజ్యం అన్నాడాయన. మిగతా ఎవరు చెయ్యి ఎత్తినా రాజ్యం ఒప్పుకున్న మేరకే. బ్యాంకు గార్డు తుపాకీకి లైసెన్సు కావాలి. మీద పడ్డవాణ్ని తిరిగి కొట్టడానికి కూడా భారతీయ న్యాయ సంహితలో సెక్షన్లున్నాయి, హద్దులున్నాయి. ఊళ్లో రౌడీలున్నంత మాత్రాన ఈ గుత్తాధిపత్యం పోదు. రౌడీ కొడితే నేరమని అందరూ అనుకుంటున్నంత కాలం అది నిలిచే ఉంటుంది. ఆ కొట్టడమే 'సెటిల్‌మెంట్' అయిపోయి, మీలాంటివారు మెచ్చుకోలుగా అచ్చేసినప్పుడు బీటలు వారుతుంది.

ఓనరు తన షాపే కదా ఖాళీ చేయించుకున్నాడు అంటారేమో. 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టంలో సెక్షన్ 6 చూడండి. చట్టప్రకారం కాకుండా తన స్వాధీనం పోగొట్టుకున్నవాడు ఆరు నెలల్లోపు దావా వేస్తే, అసలు ఓనరు ఎవరన్న ప్రశ్న జోలికి పోకుండానే స్వాధీనం తిరిగి ఇప్పిస్తారు. ఆస్తి నీదే కావచ్చు, మనిషిని గెంటే పని మాత్రం నీది కాదు అని దాని అర్థం.

మరి గెంటేదెవరు? కోర్టు అమీనా. నేను ఆ ఉద్యోగం చేసి రిటైరయినవాణ్ని కాబట్టి ఇంత రాస్తున్నాను. డిక్రీ వచ్చాక కూడా షాపు దానంతటది రాదు. మళ్లీ అమలు కోసం ఎగ్జిక్యూషన్ పిటిషన్, అంటే ఈపీ వేయాలి. కోర్టు వారంటు ఇస్తే అమీనా వెళ్తాడు. లోపల ఘోషా పాటించే ఆడవాళ్లుంటే ముందు హెచ్చరించి, పక్కకు వెళ్లే వీలిచ్చి, ఆ తర్వాతే తాళం పగలగొట్టవచ్చని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 21లో రాసి ఉంది. చేతిలో వారంటు, పక్కన తాళాలవాడు, ఎదురుగా బావమరిదిని ముందు నిలబెట్టిన అద్దెదారు. ఆ బావమరిది "ఈ భాగం నాది" అంటాడు. డిక్రీదారుడు అడ్డంకి తొలగించమని మరో పిటిషన్ వేసుకోవాలి, దాని మీద విచారణ. పోలీసు సాయం కావాలంటే ఇంకో పిటిషన్. ఉత్తర్వు వచ్చినా స్టేషన్లో "ఇవాళ బందోబస్తు డ్యూటీ ఉంది, మళ్లీ రండి" అంటారు. మంత్రిగారి కాన్వాయికి వీధి పొడుగునా నిలబడే పోలీసులు అమీనా వెంట రావడానికి మాత్రం దొరకరు.

రాజ్య సామర్థ్యం అనే సంగతి ఇక్కడుంది, మీ పాఠంలో దాని ఊసే లేదు. జనం మీద ఆజ్ఞలు రుద్దగల బలం వేరు, తీసుకున్న నిర్ణయాన్ని వీధిలో గుమ్మం దాకా తీసుకెళ్లి అమలు చేయగల బలం వేరు అని మైకేల్ మాన్ అనే సామాజికవేత్త 1984లో విడదీసి చూపించాడు. మనకి మొదటిదానికి కొదవ లేదు. రెండోదానికి జడ్జీలు కావాలి, అమీనాలు కావాలి, రికార్డు సరిగా ఉండాలి. పది లక్షల జనాభాకి 50 మంది జడ్జీలుండాలని లా కమిషన్ 1987లోనే చెప్పింది. ఇప్పటికీ అందులో సగం కూడా లేరు. ఈపీని వేసిన ఆరు నెలల్లో తేల్చాలని 2021లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఏళ్ల తరబడి వాయిదాలకి తిరుగుతున్న కక్షిదారులకి ఆ మాట చెబితే నవ్వుతారు. అలా తిరిగి విసిగినవాడే చివరికి పెద్దమనుషుల గుమ్మం ఎక్కుతాడు. వాడికి రాజ్యం మీద కోపమేమీ లేదు, పని కావాలి. కానీ అలా ఎక్కేవాళ్లు పెరిగేకొద్దీ ఆ పెద్దమనుషులకి సంఘంలో మర్యాద వస్తుంది, తర్వాత టికెట్లు కూడా వస్తాయి. ఈ రోజుల్లో దాన్నీ ఎవరూ తప్పుపట్టడం లేదు.

సెటిల్‌మెంట్ వార్తలు రాయడానికి మీ దగ్గర విలేకరులున్నారు. వాళ్లలో ఒకరిని కోర్టుకి పంపి, జిల్లాలో ఎన్ని ఈపీలు ఎన్నేళ్లుగా పెండింగులో ఉన్నాయో, అమీనా పోస్టులు ఎన్ని ఖాళీగా ఉన్నాయో కనుక్కుని వేయండి.

విశ్రాంత కోర్టు ఉద్యోగి,
బ్రాడీపేట, గుంటూరు