చివరి మెట్టు చూపించిన ఆవిడకు కృతజ్ఞతలు

అమ్మ తుంటి ఎముక విరిగి, శస్త్రచికిత్స అయ్యి, ఇంటికి వచ్చి నేటికి తొమ్మిది రోజులు. ఈ మధ్యకాలంలో నేను సరిగా నిద్రపోయిన రాత్రి ఒక్కటీ గుర్తు లేదు. అయినా ఇది ఇవాళే రాయాలని కూర్చున్నాను, ఆలస్యం చేస్తే ఆవిడ మాకు చేసిన మేలులోని వివరాలు జారిపోతాయేమోనని నా భయం.

అమ్మకు 78 ఏళ్లు. వయసుతో వచ్చే మాక్యులర్ డీజనరేషన్ వల్ల రెండు కళ్లలోనూ నట్టనడుమ చూపు మసకబారింది. పక్క చూపు ఉంది కాబట్టి ఇంట్లో తిరుగుతుంది గాని, ఎదుటి మనిషి ముఖం ఆనదు. వినికిడి కూడా తగ్గింది. గొంతు వినిపిస్తుంది, మాట మాత్రం అర్థం కాదు. వయసుతో వచ్చే చెవుడులో సన్నని ధ్వనులు ముందుగా పోతాయి కనుక స, శ, త, క వంటి హల్లులు జారిపోయి అచ్చుల మోత మాత్రమే మిగులుతుంది. చూపు బాగున్నవారు ఆ లోటును ఎదుటివారి పెదవులు చూసి కొంత పూడ్చుకుంటారు. అమ్మకు ఆ దారి కూడా లేదు.

ఆసుపత్రిలో ఎముకల వైద్యులు ఎముకను చూశారు. కంటివారు కంటిని, చెవివారు చెవిని అంతకుముందే చూసి ఉన్నారు. మూడు దస్త్రాలున్నాయి గాని, అమ్మ ఎక్కడ, ఏ పని చేస్తూ, ఎలా పడిందని ఒక్కరూ అడగలేదు. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో "మళ్లీ పడకుండా జాగ్రత్త వహించండి" అని ఒక్క వాక్యం ఉంది. ఆ జాగ్రత్త ఏమిటో చెప్పేవారు లేరు.

ఆ ప్రశ్న అడిగిన మనిషి మాకు ఏమీ కారు. అమ్మ పక్క మంచంలో ఉన్న పెద్దాయనను చూడటానికి వచ్చిన బంధువు ఆవిడ. వృత్తిరీత్యా ఆక్యుపేషనల్ థెరపిస్టు అని, అంటే లోపం ఉన్నవారు రోజువారీ పనులు క్షేమంగా చేసుకునేలా సాయపడే నిపుణురాలని తరువాత తెలిసింది. నేను అమ్మ వెనక నిలబడి ఏదో గట్టిగా చెబుతుంటే ఆవిడ లేచి వచ్చి, కిటికీ వెలుగు తన ముఖం మీద పడేలా అమ్మ ఎదురుగా చేతికందే దూరంలో కూర్చుని, అమ్మ చేతిని తాకి, తరువాత నెమ్మదిగా అడిగారు: "అమ్మా, పడేముందు మీ చెయ్యి ఎక్కడుంది?"

అమ్మ వెంటనే చెప్పింది. "రెయిలింగు మీదే ఉందమ్మా. రెయిలింగు అయిపోయింది, నేల వచ్చేసిందనుకున్నాను. ఎవరో పిలిచినట్టయితే తల తిప్పాను."

ఆ పిలిచింది నేనే. "ఇంకో మెట్టుంది" అని వెనక నుంచి అరిచాను. అమ్మకు అరుపు వినిపించింది, మాట వినిపించలేదు. ఇన్ని రోజులు గుండెలో రాయిలా మోసిన ఆ సంగతి ఆవిడతో చెప్పి నేను అక్కడే ఏడ్చాను. ఆవిడ నన్ను ఓదార్చే మాటలేవీ చెప్పలేదు. మా చిరునామా అడిగి, మరునాడు సాయంత్రం తన పని ముగించుకుని మా ఇంటికి వచ్చారు.

వచ్చి చేసిన మొదటి పని ఇది: కళ్లు మూసుకుని, రెయిలింగు మీద అరచేయి ఆనించి మా వాకిలి మెట్లు ఒక్కొక్కటే దిగారు. చెయ్యి రెయిలింగు చివరను దాటగానే ఆగి కళ్లు తెరిచారు. కాలి కింద నేల లేదు, మెట్టు ఉంది. మా రెయిలింగు చివరి మెట్టుకు ఒక మెట్టు ముందే ముగిసిపోయేది. చూపు బాగున్నన్నాళ్లూ ఆ లోపాన్ని అమ్మ కన్నే దిద్దుకుంది. చూపు తగ్గాక చెయ్యి చెప్పిందే నిజమైంది. ఇన్నేళ్లుగా రోజూ ఆ రెయిలింగు పట్టుకుని దిగుతున్న మాలో ఎవరమూ అది గమనించలేదు.

ఆవిడ సూచన ప్రకారం ఆ రెయిలింగును కింద చివరి మెట్టు దాటి మరో మెట్టు వెడల్పంత, పైన 30 సెంటీమీటర్ల మేర ముందుకు పొడిగించాము. చీర కొంగులు తగులుకోకుండా కొసను గోడవైపు వంచాము. ఇప్పుడు చెయ్యి ఆగిన చోట కాలికి నేల దొరుకుతుంది.

మెట్ల మీద పసుపు టేపు నేను అంతకుముందే అంటించి ఉన్నాను. ఆవిడ దాన్ని చూసి, కాస్త బాధగానే, ఊడదీయమన్నారు. అంచు నుంచి రెండు వేళ్ల ఎడం లోపలికి అంటించాను కనుక, పసుపు గీతనే అంచు అనుకున్న మనిషికి మెట్టు ఎక్కడ ముగుస్తుందో తప్పుగా తెలుస్తుంది. గీత సరిగ్గా అంచు మీదే, మెట్టు పొడవునా, 5 సెంటీమీటర్ల వెడల్పున ఉండాలి. మెరిసే రకం పనికిరాదు, గరుకుగా ఉండేది కావాలి. కొసలు లేస్తే ఆ టేపే కాలికి తట్టుకుంటుంది కాబట్టి వారానికొకసారి చేత్తో తడిమి చూడాలి. దిగేవారి కళ్లలోకి నేరుగా కొట్టే దీపాన్ని పక్కకు మార్పించారు. ఇప్పుడు వెలుగు మెట్ల మీద పడుతోంది, కళ్లలో పడటం లేదు.

అమ్మ కళ్లద్దాల సంగతి నాకు అసలు తట్టనే లేదు. వాటి కింది భాగం చదువుకోవడానికి. మెట్టు దిగేటప్పుడు చూపు ఆ భాగంలోంచే పోతుంది కాబట్టి, ఉన్న కాస్త చూపుకూ మెట్టు అంచు చెదిరిపోతుంది. నడకకు దూరపు చూపు అద్దాలు విడిగా ఉంటే మంచిదని, కంటి వైద్యులనే అడగమని చెప్పారు. చేయించాము. అద్దాలు మారిన కొత్తలో అడుగు అంచనా తప్పవచ్చు గనుక, కొద్దిరోజులు ఒకరు పక్కన ఉండాలని కూడా హెచ్చరించారు. పోయిన చూపు వీటితో తిరిగి రాదని, పడటం పూర్తిగా ఆగుతుందని తాను మాట ఇవ్వలేనని ఆవిడ అమ్మ ఎదుటే చెప్పారు. ఆ నిజాయితీకి కూడా నేను ఋణపడి ఉన్నాను.

మెట్ల మీద ఉన్న మనిషిని వెనక నుంచి పిలవకూడదని ఇప్పుడు మా ఇంట్లో అందరికీ తెలుసు. ముందుకు వెళ్లి, ఆమె నిలబడ్డాక, చేతిని తాకి మాట్లాడుతున్నాము.

డబ్బు ఇవ్వబోతే ఆవిడ తీసుకోలేదు. "అమ్మ వాకర్‌తో వాకిట్లోకి వచ్చిన రోజు ఒక్క మాట చెప్పండి" అన్నారు. నిన్న అమ్మ వాకిలి దాకా వచ్చింది, అందుకే ఇది రాస్తున్నాను.

ఒక బాధ చెప్పకుండా ఉండలేను. స్నానాల గదిలో పట్టుకడ్డీల సాయానికి దరఖాస్తు పెడితే, చూపు లోపానికి ఒక గడి, వినికిడి లోపానికి ఒక గడి ఉన్నాయి. అమ్మ రెండింటిలోనూ వేర్వేరుగా వారి కొలతకు కొద్దిలో అందదు. రెండూ కలిస్తే ఏమవుతుందో రాసే గడి లేదు. చూపు లోటును వినికిడి, వినికిడి లోటును చూపు పూడ్చలేని మనిషికి అది సగం కష్టమని లెక్క కట్టినవారు, ఒక్కసారి కళ్లు మూసుకుని మా మెట్లు దిగి చూడాలి.

తమ్ముడు, మరదలు, మా ఆయన రాత్రులు వంతులవారీగా ఉన్నారు. వారికి వేరే చెప్పనక్కరలేదు.

ముగించాక గుర్తొచ్చింది: కడ్డీలను పైపూత మీద కాక గోడలోని ఇటుక దాకా రంధ్రం వేసి బిగించి, తన బరువంతా వేలాడి చూపించిన మేస్త్రీ గారికి కృతజ్ఞతలు. అమ్మ చెవిలో గుబిలి గట్టిపడి ఉందని కనిపెట్టి తీయించిన రాత్రి డ్యూటీ నర్సు గారికి కూడా. వినికిడి యంత్రం బ్యాటరీలు మార్చి, దాన్ని రాత్రిపూట తడిమితే దొరికేలా తెల్ల గుడ్డ మీద నల్ల డబ్బాలో పెడుతున్న పక్కింటి అబ్బాయికి, నాయనా, నీ పేరు ముందే రాయవలసింది.