ఫ్యాను మూలుగు విన్న ఆయనకు

నిన్న మా వాడికి ఏడేళ్లు నిండాయి. పుట్టినరోజు జరిగింది, వాడు చివరిదాకా హాల్లోనే ఉన్నాడు. ఈ రెండో మాట రాస్తుంటే కళ్లు మసకబారుతున్నాయి. గిన్నెలు ఇంకా సింకులోనే ఉన్నాయి. ఉండనివ్వండి.

వాడికి ఆటిజం. నిరుడు ఇంటికి ముప్పై మందిని పిలిచాం. ఒక బుడగ పేలింది, వెంటనే అందరూ చప్పట్లతో పాట అందుకున్నారు. వాడు మంచం కిందకు దూరి రెండు గంటలు బయటకు రాలేదు. అందుకే ఈసారి తగ్గించుకుంటూ వచ్చాం. వాడికి తెలిసిన నలుగురే పిల్లలు, గంటంపావు సమయం, మా అపార్టుమెంటు కింది హాలు. బుడగలు, కొవ్వొత్తులు, పాట లేవు. చప్పట్లకు బదులు చేతులు పైకెత్తి ఊపాలని పిల్లలకు ముందే నేర్పాం. మూలన వాడి చిన్న గుడారం వేస్తాం, అందులోకి వెళ్తే ఎవరూ పిలవకూడదు. హాలు, కేకు, వచ్చే పిల్లలు, చివర్లో మళ్లీ మా ఇంటి తలుపు... ఫొటోలన్నీ వరుసగా ఒక నోటుపుస్తకంలో అతికించి పది రోజులు రోజూ రాత్రి చూపించాను.

అయిదు రోజుల ముందు, అలవాటవుతుందని ఖాళీ హాలుకు తీసుకెళ్లాను. నిమిషం గడవకముందే మునివేళ్ల మీద నడక, గొంతులో సన్నని కూనిరాగం. ఆ రెండూ వస్తే మాకు ఇక ఎక్కువ సమయం లేదని లెక్క. చెవులు మూసుకుని బయటకు పరుగెత్తాడు. హాల్లో ఒక్క మనిషి లేడు, నాకు ఏ చప్పుడూ వినబడలేదు. చెవులకు పెట్టే కప్పులు ఉన్నాయి గానీ బిగుతుకు పది నిమిషాల్లో పీకేస్తాడు. మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

ఏదో స్విచ్చు బాగుచేయడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ చూశారు. యాభై దాటి ఉంటాయి. ఏమైందమ్మా అంటే చెప్పాను. ఇలాంటప్పుడు మాకు వచ్చేది సలహానే: ఫలానా గుడికి వెళ్లండి, ఫోను ఇవ్వకండి. ఆయన మాత్రం "బాబు ఎక్కడ నిలబడ్డాడు?" అని అడిగారు. చూపించాను. నడుముకున్న తాళాల గుత్తి తీసి, చప్పుడు కాకుండా కిటికీ గట్టు మీద పెట్టి, సరిగ్గా అక్కడే నేల మీద వాడి ఎత్తుకు కూర్చుని కళ్లు మూసుకున్నారు. రెండు నిమిషాలు అలాగే ఉన్నారు. నాలుగేళ్లుగా ఎందరికో వాడి గురించి చెప్పాను. వాడు వినేది వినాలని కూర్చున్న మనిషిని మొదటిసారి చూశాను.

"ఫ్యాన్లు మూలుగుతున్నాయమ్మా" అన్నారు. పాత రకం రెగ్యులేటర్లు కరెంటును ముక్కలు చేసి పంపుతాయట, అందుకే రెండో నంబరులో మోటారు సన్నగా మూలుగుతుంది. అయిదులో పెడితే మూలుగు పోతుంది గానీ గాలి హోరు, ఎగిరే కాగితపు ప్లేట్లు. పోనీ ఆపేద్దామంటే బెజవాడలో మే నెల! కెపాసిటరుతో పనిచేసే రెగ్యులేటర్లు మూడు తెచ్చి బిగించారు. ట్యూబులైటు పాత చోకు కూడా గుయ్‌మంటోందని తీసేసి ఎల్‌ఈడీ పెట్టారు. సామాను డబ్బులే తీసుకున్నారు. వెళ్లబోతూ, పక్కగదిలో నీళ్ల మోటారు ఏ వేళకు వేస్తారని వాచ్‌మన్‌ను అడిగి, ఆ రోజు తొమ్మిదిన్నరకే ట్యాంకు నింపేయమన్నారు. మేము పదకొండుకు మొదలుపెట్టాలనుకున్నాం. ఆ సంగతి నాకు తట్టనే లేదు.

మర్నాడు మళ్లీ తీసుకెళ్తే వాడు వెల్లకిలా పడుకుని తిరిగే ఫ్యానును చూస్తూ నవ్వాడు. నిన్న కూడా అదే. మధ్యలో ఒకసారి గుడారంలోకి వెళ్లి, తనంతట తానే వచ్చి, కేకు పైన క్రీము గీకేసి లోపలిది తిన్నాడు. నలుగురు పిల్లలూ చేతులు ఊపారు. వాడూ ఊపాడు.

మా ఆయన, అమ్మ, ఆడపడుచు సరే, వాళ్లకు ప్రత్యేకంగా థ్యాంక్స్ చెబితే తిడతారు.

ఒక్క మాట అనకుండా ఉండలేను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. ఆ ధ్రువపత్రం కోసం మేము వెళ్లిన చోట, శబ్దం భరించలేని పిల్లలను రెండు వందల మంది నడుమ కూర్చోబెట్టి టోకెన్ నంబర్లు మైకులో పిలిచారు. వాడు తల నేలకు కొట్టుకుంటుంటే "లైన్లో ఉండండి" అన్నారు. మూడుసార్లు తిరిగాం. అక్కడ నేల మీద కూర్చుని విన్నవాళ్లు ఒక్కరూ లేరు.

అయ్యో, వాచ్‌మన్‌కు చెప్పనే లేదు, మోటారు నిజంగానే తొమ్మిదిన్నరకే వేశాడు. ఫొటోల పుస్తకం ఆలోచన థెరపిస్టు గారిది. కేకు మీద మెరుపులు చల్లకుండా ఇచ్చిన బేకరీ అమ్మాయికి కూడా. ఇంకా, హాలు పైనే ఉండే పిన్నిగారు నిన్న కుక్కరు పెట్టకుండా అన్నం గిన్నెలో వార్చారట. ఇప్పుడే వాళ్ల కోడలు చెప్పింది.