త్రిభుజం ఎటు తెగుతుంది?

అందరికీ నమస్కారం. షేరు చార్టులో ధర కదలికలు త్రిభుజంలా ఇరుకైతే ఆ తర్వాత ధర ఎటు పోతుందని నిన్న అడిగారు కదా, ఆ ట్రయాంగిల్స్ గురించి. ఒక షేరు మూడుసార్లు 500 దగ్గర ఆగి వెనక్కి వచ్చిందనుకోండి. కానీ పడిన ప్రతిసారీ 460, 475, 488 అంటూ ముందుకన్నా పైనే నిలబడింది. అంటే కొనేవాళ్లు మరీ తగ్గేదాకా ఆగడం లేదు. ఇది అసెండింగ్ ట్రయాంగిల్, ఎక్కువగా ధర 500 దాటి పైకే తెగుతుంది. తెగితే 500 నుంచి 460 తీసేయగా వచ్చే త్రిభుజం ఎత్తు 40ని 500కు కలిపి 540 వరకు అంచనా వేస్తారు. అయితే మధ్యాహ్నం 504 తాకి 497 దగ్గర ముగిస్తే నేను దాన్ని బ్రేకవుట్‌గా లెక్కించను. వాల్యూమ్ పెరిగి, 500 పైన ముగియాలి.

డిసెండింగ్‌లో అడుగు గీత సమంగా ఉండి శిఖరాలు దిగుతుంటాయి కాబట్టి మొగ్గు కిందికే. శిఖరాలు దిగుతూ అడుగులు పైకి లేస్తూ ఉండే సిమెట్రికల్‌కు సొంత దిశ లేదు, సాధారణంగా అంతకుముందున్న ట్రెండ్ వైపే పోతుంది. అందుకే దాంట్లో నేను ముందుగా దూరను.